చౌక విమాన టికెట్ కొనేముందు ఫేర్ రూల్స్ చదవడం ఎలా: లగేజీ, సీటు, తేదీ మార్పు, రీఫండ్

"చెన్నై నుంచి దుబాయ్‌కి తొమ్మిది వేలకే టికెట్ చూపిస్తోంది, తీసేసుకోమంటారా?" నెల్లూరు, కావలి, కందుకూరు వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఆ తొమ్మిది వేలు దేనికి కడుతున్నారో, దేనికి కట్టడం లేదో తెలియకుండా ఎవరూ జవాబు చెప్పలేరు. అది రాసి ఉండేది ఫేర్ రూల్స్‌లో. వాటిని ఏ వరుసలో చదవాలో, చదివాక లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ఉదాహరణకు ఒకే ప్రయాణం తీసుకుందాం. కావలిలో ఉండే భార్యాభర్తలు దుబాయ్‌లో ఉన్న కూతురి కాన్పుకు వెళ్తున్నారు. వెళ్లే తేదీ ఖాయం. తిరుగు ప్రయాణం మాత్రం ఆసుపత్రి ఇచ్చిన తేదీని బట్టి, బిడ్డ ఆరోగ్యాన్ని బట్టి అటూ ఇటూ కావచ్చు. పచ్చళ్లు, కారప్పొడి, బాలింత పథ్యం సామాను, పసిబిడ్డ బట్టలు తీసుకెళ్లాలి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే పెద్దవాళ్ల ప్రయాణాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

## 1. టికెట్ వెతకకముందు కాగితం మీద రాసుకోండి

యాప్ తెరిచాక ధర కనిపిస్తుంది, మనసు ధర చుట్టూనే తిరుగుతుంది. అందుకే ముందు అవసరం రాసుకోవాలి.

- వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి ఎన్ని కిలోలు? వచ్చేటప్పుడు ఎన్ని?
- వెళ్లే తేదీ మారే అవకాశం ఉందా? తిరుగు తేదీ మారే అవకాశం ఉందా? రెండూ విడివిడిగా రాయండి.
- మొత్తం ప్రయాణమే రద్దయ్యే అవకాశం ఉందా? వీసా ఇంకా చేతికి రాలేదంటే ఉన్నట్టే.
- ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం తప్పనిసరా?
- ఏ విమానాశ్రయానికి ఎలా చేరుకుంటారు?

మన ఉదాహరణలో జవాబులు ఇవి: వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా ఒక్కొక్కరికి 20 కిలోలకు పైనే. వెళ్లే తేదీ మారదు. తిరుగు తేదీ మారవచ్చు. వీసా వచ్చేసింది. ఆమెకు విమానం కొత్త, పక్కన ఆయన ఉండాల్సిందే. చెన్నైకి కారులో వెళ్తారు.

బరువు అంచనా నోటితో వేయకండి. ఏమేం తీసుకెళ్తారో పోగుచేసి, ఖాళీ పెట్టె బరువు కూడా కలిపి తూకం వేయండి. చక్రాల పెట్టె ఒక్కటే మూడు నాలుగు కిలోలు ఉంటుంది.

## 2. రూల్స్ ఏ స్క్రీన్‌లో ఉంటాయో తెలుసుకోండి

వెతకగానే వచ్చే జాబితాలో ఉండేది ఆ విమానంలో అన్నిటికన్నా తక్కువ ధర. దాన్ని నొక్కితే అదే విమానానికి రెండు మూడు రకాల ఛార్జీలు వస్తాయి. ఒక సంస్థ వాటిని Lite, Value, Flex అంటుంది, ఇంకో సంస్థ వేరే పేర్లు పెడుతుంది. పేర్లను బట్టి ఏమీ అనుకోకండి. ఒక సంస్థలో మధ్య రకానికి ఉన్న సౌకర్యం ఇంకో సంస్థలో పై రకానికే ఉండవచ్చు.

ఆ పేజీలోనే ధర పక్కన గానీ కింద గానీ Fare Rules, Fare Details, Baggage అని చిన్న లింకులు ఉంటాయి. డబ్బు కట్టే పేజీకి వెళ్లకముందే వాటిని తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ధర, తేదీ, విమానం నంబరు, ఛార్జీ రకం అన్నీ అందులో కనిపించాలి. తర్వాత వాదన వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

బుకింగ్ యాప్‌లలో కొంటే రూల్స్ రెండు పొరలుగా ఉంటాయి. ఒకటి విమాన సంస్థ తీసుకునే ఛార్జీ, రెండోది యాప్ తన సేవకు తీసుకునే ఛార్జీ. ఎక్కువమంది మొదటిదే చదువుతారు. రద్దు చేసినప్పుడు రెండూ కోస్తారు. కన్వీనియన్స్ ఫీజు అని మొదట కట్టింది కూడా మామూలుగా తిరిగి రాదు.

## 3. లగేజీ: మొదట చదవాల్సింది ఇదే

ధర తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. 2021 ఫిబ్రవరిలో మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, చెక్-ఇన్ లగేజీ లేకుండా ప్రయాణించే వాళ్లకు దేశీయ విమానాల్లో తగ్గింపు ధర ఇవ్వడానికి సంస్థలకు అనుమతి ఇచ్చింది. గల్ఫ్ మార్గాల్లోనూ ఇలాంటి లగేజీ లేని ఛార్జీలు అమ్ముతున్నారు. కాబట్టి "ఎంతో కొంత లగేజీ ఎలాగూ ఉంటుందిలే" అనుకోవడానికి లేదు.

### రెండు రకాల లగేజీని కలపకండి

రూల్స్‌లో Cabin అని ఉండేది చేతిలో పట్టుకెళ్లే బ్యాగు. మామూలుగా ఏడు కిలోలు. Check-in అని ఉండేది కౌంటర్‌లో ఇచ్చే పెట్టె. "7 కిలోలు ఉచితం" అని పెద్ద అక్షరాల్లో కనిపించినా, కింద Check-in దగ్గర సున్నా ఉందేమో చూడండి.

మన ఉదాహరణకు ఈ తేడా చాలా ముఖ్యం. ఆవకాయ, నెయ్యి, కారప్పొడి క్యాబిన్ బ్యాగులో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో ఆపేస్తారు. అవి చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి. అంటే బరువు తక్కువే అయినా, పచ్చడి సీసా ఉంటే లగేజీ లేని టికెట్ మీకు పనికిరాదు. దుబాయ్ వెళ్లేవాళ్లకు ఇంకో మాట: గసగసాలు ఏ పెట్టెలోనూ పెట్టకండి. అక్కడ అవి నిషేధం, విషయం పోలీసుల దాకా వెళ్తుంది.

### కిలోల లెక్కా, పెట్టెల లెక్కా?

గల్ఫ్ విమానాల్లో ఎక్కువగా మొత్తం బరువు లెక్క. ఈ-టికెట్‌లో 30K అని ఉంటే 30 కిలోలు. అమెరికా వైపు ప్రయాణాల్లో పెట్టెల లెక్క ఉంటుంది. 2PC అని ఉంటే రెండు పెట్టెలు, ఒక్కొక్కటి మామూలుగా 23 కిలోలు. 0PC అని ఉంటే చెక్-ఇన్ లగేజీ లేదు. ఈ చిన్న గడిని ఎక్కువమంది చూడరు. టికెట్ చేతికి రాగానే మొదట చూడాల్సింది అదే.

పెట్టెల లెక్కలో ఒక పెట్టె 26, ఇంకోటి 18 ఉంటే "మొత్తం 44 కదా" అని వాదించడానికి వీలుండదు. 26 కిలోల పెట్టెకు అదనపు ఛార్జీ పడుతుంది. కిలోల లెక్కలో ఈ బాధ తక్కువ, కానీ అక్కడ కూడా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు. ఎన్ని పెట్టెలు ఇవ్వవచ్చో కూడా కొన్ని సంస్థలు పరిమితి పెడతాయి. ఐదారు అట్టపెట్టెలుగా కట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం వెతికి చదవాలి.

భార్యాభర్తల లగేజీ కలిపి తూచాలంటే ఇద్దరూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడిగా బుక్ చేస్తే ఒకరి లగేజీ 34, ఒకరిది 22 అయినప్పుడు సర్దుబాటు దొరకదు.

### ముందుగా కొంటే ఒక ధర, కౌంటర్‌లో ఇంకో ధర

అదనపు లగేజీని వెబ్‌సైట్‌లో ముందే కొంటే 5, 10, 15, 20 కిలోల మూటలుగా అమ్ముతారు. విమానాశ్రయంలో అయితే కిలోకు ఇంత అని తీసుకుంటారు, అది బాగా ఎక్కువ. బుక్ చేసేటప్పుడు రెండు రేట్లూ చూసి రాసుకోండి. ముందస్తు రేటు బయలుదేరడానికి ఎన్ని గంటల ముందు వరకు దొరుకుతుందో కూడా రూల్స్‌లో ఉంటుంది.

ఇలా కొన్న అదనపు లగేజీ డబ్బు, టికెట్ రద్దు చేస్తే తిరిగి వస్తుందా అన్నది వేరే ప్రశ్న. చాలా సంస్థలు ఇవ్వవు. అందుకే తిరుగు ప్రయాణం లగేజీని మొదటి రోజే కొనకండి. తేదీ ఖాయమయ్యాక, గడువు లోపల కొనుక్కోండి.

### రెండు టికెట్లు అతికించే ప్రయాణం

నెల్లూరు వాళ్లు రేణిగుంట నుంచి, ఒంగోలు వాళ్లు గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్లి, అక్కడి నుంచి వేరే టికెట్ మీద దుబాయ్ వెళ్లడం చౌకగా కనిపించవచ్చు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది బరువు. హైదరాబాద్–దుబాయ్ టికెట్‌లో 30 కిలోలు ఉన్నా, రేణిగుంట–హైదరాబాద్ దేశీయ టికెట్‌లో మామూలుగా 15 కిలోలే ఉంటాయి. మిగతా 15 కిలోలకు అక్కడ కట్టాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే దేశీయ విమానానికి కూడా అంతర్జాతీయ లగేజీయే వర్తించేలా ఇస్తారు. ఈ-టికెట్‌లో ప్రతి విమానానికి ఎదురుగా బరువు గడి ఉంటుంది, రెండింటిలోనూ ఒకే అంకె ఉందో లేదో చూడండి.

రెండోది కనెక్షన్. టికెట్లు వేరైతే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత లేదు. వాళ్ల లెక్కలో మీరు రాని ప్రయాణికులు. పెద్దవాళ్లకు, కాన్పు ప్రయాణానికి ఇలా అతికించిన టికెట్లు నేను ఎవరికీ సూచించను.

## 4. సీటు

చౌక ఛార్జీలో సీటు ఖాయంగా ఉంటుంది, ఏ సీటన్నది మాత్రం మీ చేతిలో ఉండదు. బుకింగ్ మధ్యలో సీట్ల పటం వచ్చినప్పుడు అన్ని సీట్లకూ ధర కనిపిస్తే, తప్పక కొనాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. ఆ పేజీ కింద Skip లాంటి బటన్ ఉంటుంది. కొనకపోతే వెబ్ చెక్-ఇన్‌లో గానీ కౌంటర్‌లో గానీ ఏదో ఒక సీటు ఇస్తారు.

వెబ్ చెక్-ఇన్ చాలా సంస్థల్లో 48 గంటల ముందు తెరుచుకుంటుంది. తెరుచుకోగానే చేస్తే కలిసి కూర్చునే అవకాశం ఎక్కువ, కానీ హామీ కాదు. హామీ కావాలంటే డబ్బు కట్టాలి. 12 ఏళ్ల లోపు పిల్లలున్నవాళ్లకు మాత్రం, ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లి, తండ్రి లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ సంస్థలకు చెప్పింది.

మన ఉదాహరణలో సీట్లు కొనడమే మేలు. తిరుగు ప్రయాణానివి మాత్రం ఇప్పుడే కొనకండి. తేదీ మార్చితే సీటుకు కట్టింది పోయే రూల్ చాలా చోట్ల ఉంది.

## 5. తేదీ మార్పు: ఛార్జీ ఒకటి, తేడా ఇంకొకటి

అసలు బాధ మొదలయ్యేది ఇక్కడే. రూల్స్‌లో Change Fee రూ. 3,000 అని చూసి, "మూడు వేలే కదా" అనుకుంటారు. నాలుగు మాటలు దాని చుట్టూ చదవాలి.

ఎవరికి, ఎన్నిటికి? Per passenger per sector అని ఉంటే ప్రతి మనిషికీ, ప్రతి ప్రయాణ భాగానికీ అని అర్థం. ఇద్దరి తిరుగు తేదీ మారిస్తే మూడు వేలు కాదు, ఆరు వేలు. రెండు వైపులా మారిస్తే పన్నెండు వేలు.

ఛార్జీ తేడా. మార్పు ఫీజు కట్టాక, కొత్త తేదీన టికెట్ ఎంత ఉందో చూసి పాత ధరతో తేడా కూడా కట్టించుకుంటారు. పండగ రోజులకు, గల్ఫ్‌లో బడి సెలవులు మొదలయ్యే రోజులకు జరిపితే ఈ తేడా ఫీజు కన్నా చాలా ఎక్కువ. కొత్త తేదీన ధర తక్కువ ఉంటే ఆ తేడా మనకు వెనక్కి రావడం అరుదు. "ఉచిత మార్పు" అని రాసిన ఛార్జీలో కూడా ఉచితం అయ్యేది ఫీజు మాత్రమే, తేడా కట్టాల్సిందే. ఎన్నిసార్లు ఉచితమో కూడా చూడండి.

ఎన్ని రోజుల ముందు? చాలా రూల్స్‌లో గడువు మెట్లుగా ఉంటుంది. ఇన్ని రోజుల ముందు వరకు ఒక రేటు, ఆ తర్వాత ఎక్కువ రేటు, చివరి కొన్ని గంటల్లో అసలు కుదరదు. ఆ చివరి గడువు ఎన్ని గంటలో రాసుకోండి.

నో-షో. గడువు లోపల మార్చకుండా, రద్దు చేయకుండా విమానం ఎక్కకపోతే No-show. చౌక ఛార్జీల్లో దానితో పన్నులు తప్ప టికెట్ ధర మొత్తం పోతుంది. చాలా సంస్థల రానూపోనూ టికెట్లలో, వెళ్లే విమానం ఎక్కకపోతే తిరుగు టికెట్ కూడా దానంతట అదే రద్దవుతుంది. "వెళ్లేటప్పుడు వేరే దాంట్లో వెళ్లాం, వచ్చేటప్పుడు ఇది వాడుకుంటాం" అంటే చెల్లదు.

నో-షో అంటే మనం రాలేదని కాదు, కౌంటర్ మూసేలోపు రాలేదని. అంతర్జాతీయ విమానాలకు బయలుదేరడానికి గంట ముందో, ఇంకా ముందో కౌంటర్ మూసేస్తారు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, కావలి నుంచి ఇంకో యాభై పైన. విమానాశ్రయం మీనంబాకంలో, అంటే నగరానికి అవతలి పక్క ఉంది. ఉత్తరం నుంచి వెళ్లే మనం చెన్నై ట్రాఫిక్ దాటుకుని పోవాలి. దారిలో ఆలస్యమైతే, కౌంటర్ మూయకముందే, రూల్‌లోని చివరి గడువు దాటకముందే ఫోన్‌లో తేదీ మార్చేయండి. ఫీజు పోతుంది, టికెట్ మిగులుతుంది.

పేరు మార్పు మాత్రం ఏ రకం టికెట్‌లోనూ ఆశించకండి. ఆయన బదులు ఇంకొకరు వెళ్తామంటే కొత్త టికెట్ కొనాల్సిందే.

## 6. రద్దు, రీఫండ్

Non-refundable అని చూడగానే ఒక్క రూపాయి రాదనుకుని చాలామంది రద్దు కూడా చేయరు. అది తప్పు.

టికెట్ ధర మూడు ముక్కలు: బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ లాంటివి, ఆ తర్వాత పన్నులు, విమానాశ్రయ రుసుములు. డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు ఛార్జీ, బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. నాన్-రీఫండబుల్, ప్రోమో టికెట్లలోనూ, నో-షో అయినా కూడా, చట్టబద్ధ పన్నులు, వినియోగదారు అభివృద్ధి రుసుము లాంటివి వెనక్కి ఇవ్వాలి. ఆ మొత్తం దానంతట అదే రావడం తక్కువ, అడిగి తీసుకోవాలి. విదేశీ సంస్థలైతే రీఫండ్ వాళ్ల దేశపు నిబంధనల ప్రకారం నడుస్తుంది. వాటి రూల్స్ విడిగా చదవండి.

రూల్స్‌లో whichever is lower అనే మాట కనిపిస్తుంది. రద్దు ఛార్జీ రూ. 4,000 లేదా బేస్ ఫేర్, ఏది తక్కువైతే అది అని అర్థం. చవక టికెట్‌లో బేస్ ఫేర్ 3,500 ఉంటే అదంతా పోతుంది. higher అని ఉంటే జాగ్రత్త. ఆ ఒక్క మాటతో లెక్క తిరగబడుతుంది.

డబ్బు కాకుండా సంస్థ దగ్గరే నిల్వ ఉంచే క్రెడిట్ ఇస్తామంటే, ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. అది డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది.

ఇంతవరకు చెప్పింది మనం రద్దు చేసినప్పటి సంగతి. విమానాన్ని సంస్థే రద్దు చేస్తే ఫేర్ రూల్స్ అడ్డురావు. వేరే విమానం గానీ, పూర్తి రీఫండ్ గానీ ఇవ్వాలి. ఎంత చౌక టికెట్ అయినా ఇది వర్తిస్తుంది. ఆ సందర్భంలో తొందరపడి మీ అంతట మీరు Cancel బటన్ నొక్కకండి. నొక్కితే మీరే రద్దు చేసినట్టు నమోదై కోత పడవచ్చు. సంస్థ పంపిన సందేశంలోని లింకు ద్వారా పూర్తి రీఫండ్ ఎంచుకోండి.

## 7. ట్రావెల్స్‌లో కొంటే అడగాల్సినవి

మన ఊళ్లలో గల్ఫ్ టికెట్లు ఎక్కువగా ట్రావెల్స్ ద్వారానే కొంటారు. దానిలో తప్పేమీ లేదు, మంచి ఏజెంట్ చాలా ఇబ్బందులు తప్పిస్తాడు. కానీ ఒక ప్రశ్న తప్పక వేయాలి: "అన్నా, ఇది సిరీస్ ఫేరా, మామూలు ఫేరా?"

సిరీస్ ఫేర్ అంటే ఏజెన్సీలు ముందే టోకున సీట్లు కొనిపెట్టుకుని అమ్మే టికెట్. వెబ్‌సైట్ ధర కన్నా తక్కువ ఉండవచ్చు. అయితే మామూలుగా దానిలో తేదీ మార్పు ఉండదు, రద్దు చేస్తే డబ్బు రాదు. వెళ్లే తేదీ ఖాయమైనప్పుడు ఇది మంచి బేరమే. కాన్పు చూసుకుని తిరిగొచ్చే ప్రయాణానికి మాత్రం తీసుకోకండి.

- బుకింగ్‌లో ఏజెంట్ ఫోన్ నంబరు కాకుండా మీది, మీ మెయిల్ ఇవ్వమనండి. వేళ మారినప్పుడు సందేశం మీకే రావాలి.
- రద్దు, మార్పు ఛార్జీల్లో సంస్థది ఎంత, ఏజెంట్ సర్వీసు ఎంత అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట చాలదు.
- ధర ముద్రించిన ఈ-టికెట్ అడగండి. కొందరు ధర తీసేసిన కాపీ ఇస్తారు, దానితో రీఫండ్ లెక్క తేలదు.
- పీఎన్ఆర్ తీసుకుని సంస్థ సొంత వెబ్‌సైట్‌లో వేసి చూడండి. లగేజీ, సీటు అక్కడ ఎలా ఉన్నాయో అదే నిజం.

## 8. మొత్తం లెక్క వేద్దాం

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీరు చూసిన రోజు ధరలు వీటి స్థానంలో పెట్టుకోండి. ఒకే విమానం, మూడు రకాల ఛార్జీ. ధరలు ఒక మనిషికి, ఒక వైపుకి.

- మొదటి రకం: రూ. 9,000. చెక్-ఇన్ లగేజీ లేదు. మార్పు ఫీజు 3,000.
- రెండో రకం: రూ. 10,800. 30 కిలోలు. మార్పు ఫీజు 3,000.
- మూడో రకం: రూ. 13,500. 30 కిలోలు, సీటు ఉచితం, ఒకసారి మార్పు ఫీజు లేదు.

ఇద్దరు, రానూపోనూ అంటే నాలుగు టికెట్ల కింద లెక్క. ముందే కొంటే 20 కిలోలు 4,500 అనీ, సీటు 400 అనీ అనుకుందాం. ఇప్పుడే కట్టినా, తర్వాత కట్టినా సీట్లకూ లగేజీకీ అయ్యే ఖర్చు మొత్తం కలిపే చూడాలి.

మొదటి రకం: టికెట్లు 36,000, లగేజీ నాలుగు సార్లు 18,000, సీట్లు 1,600. మొత్తం 55,600.

రెండో రకం: టికెట్లు 43,200, సీట్లు 1,600. మొత్తం 44,800.

మూడో రకం: 54,000. అంతే.

జాబితాలో అన్నిటికన్నా పైన కనిపించిన చౌక టికెట్, వీళ్లకు అన్నిటికన్నా ఖరీదైనది. పైగా దానిలో 20 కిలోలే దొరికాయి.

ఇప్పుడు తిరుగు తేదీ ఒకసారి మారింది అనుకోండి. కొత్త తేదీన ఒక్కొక్కరికి 2,500 తేడా ఉంది. రెండో రకంలో ఫీజు 6,000, తేడా 5,000 కలిపి మొత్తం 55,800 అవుతుంది. మూడో రకంలో తేడా 5,000 మాత్రమే, మొత్తం 59,000. అంటే మార్పు జరిగినా కూడా మూడో రకం గిట్టలేదు. పెద్ద టికెట్ కొంటే నిశ్చింత అని చెప్పేవాళ్లు ఈ లెక్క వేయరు.

ఇంకో దారి ఉంది. ఎక్కువ చౌక సంస్థల్లో రెండు వైపులకూ వేర్వేరు రకాలు ఎంచుకోవచ్చు. వెళ్లడానికి రెండో రకం, సీట్లతో 22,400. రావడానికి మూడో రకం 27,000. మొత్తం 49,400. తేదీ మారితే 5,000 కలిపి 54,400.

రెండు వైపులా రెండో రకంతో పోలిస్తే, తేదీ మారకపోతే 4,600 ఎక్కువ కట్టినట్టు, మారితే 1,400 మిగిలినట్టు. తిరుగు తేదీ మారడం దాదాపు ఖాయమైతేనే ఈ కలగలుపు తీసుకోండి. సగం సగం అవకాశమే అయితే రెండో రకమే నయం. కూతురి కాన్పు అయ్యాక తిరుగు టికెట్ విడిగా కొనడం ఇంకో మార్గం. అయితే వీసా ఇచ్చేటప్పుడో, దిగిన చోటో తిరుగు టికెట్ చూపమంటారా అన్నది ముందే తేల్చుకోవాలి.

## 9. డబ్బు కట్టిన మొదటి రోజు

బుక్ చేసిన తర్వాత కొద్ది సమయం, ఛార్జీ లేకుండా రద్దు చేసుకునే, మార్చుకునే వెసులుబాటు డీజీసీఏ నిబంధనల్లో ఉంది. దాన్ని లుక్-ఇన్ అంటారు. అప్పటికి 24 గంటలుగా ఉన్న ఈ వ్యవధిని 48కి పెంచాలని 2025 నవంబరులో డీజీసీఏ ముసాయిదా విడుదల చేసింది. మీరు మాత్రం 24 గంటల్లోపే పని ముగించుకోండి. మార్చితే కొత్త ఛార్జీ తేడా కట్టాలి. ప్రయాణం దగ్గర్లో ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు. దేశంలోపల వారం, విదేశానికి పదిహేను రోజులైనా ముందు, సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్నప్పుడే దీన్ని నమ్ముకోండి.

ఆ 24 గంటల్లో చూడాల్సినవి:

- పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? మన వైపు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసే అలవాటు వల్ల రెండు గడులూ తారుమారవుతుంటాయి. సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొని 24 గంటల్లో చెబితే అక్షర దోషాన్ని ఛార్జీ లేకుండా సరిదిద్దాలి.
- తేదీ సరైందా? రాత్రి 12 దాటాక బయలుదేరే విమానమైతే ముందు రోజు సాయంత్రమే కావలిలో కారు ఎక్కాలి. ఈ పొరపాటుతోనే చాలామంది నో-షో అవుతారు.
- ప్రతి విమానానికి ఎదురుగా లగేజీ అంకె మీరు చూసిందేనా?
- ఇద్దరూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నారా?
- బుకింగ్ పేజీలో అడగకుండానే బీమా, భోజనం, దాతృత్వం లాంటివి టిక్ అయ్యాయా?

ఏదైనా తేడా ఉంటే ఆ రోజే సరిచేయించండి. మర్నాడు అదే పనికి ఫీజు పడవచ్చు.

## 10. రీఫండ్ రాకపోతే

క్రెడిట్ కార్డుతో సంస్థ దగ్గర నేరుగా కట్టి ఉంటే, రద్దు చేసిన ఏడు రోజుల్లో రీఫండ్ ప్రక్రియ జరగాలి. ఏజెంట్ ద్వారా కొన్నా బాధ్యత విమాన సంస్థదే అని డీజీసీఏ నిబంధన చెబుతుంది, ఎందుకంటే ఏజెంట్లు వాళ్లు నియమించుకున్న ప్రతినిధులు. కాబట్టి "సంస్థ ఇవ్వలేదు" అని ఏజెంటు, "ఏజెంటును అడగండి" అని సంస్థ అంటూ తిప్పుతుంటే ఈ వరుసలో వెళ్లండి.

ముందు సంస్థ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాయండి, ఫోన్ కాదు. పీఎన్ఆర్, రద్దు చేసిన తేదీ, టికెట్‌లోని పన్నుల వివరం, మీరు తీసిన రూల్స్ స్క్రీన్‌షాట్ జతచేయండి. ఎంత రావాలో అంకెలో రాయండి. "నా డబ్బు ఇవ్వండి" అన్న మెయిల్‌కు రెడీమేడ్ జవాబు వస్తుంది. "పన్నులు ఇంత, రద్దు ఛార్జీ పోను ఇంత రావాలి" అన్నదానికి లెక్కతో జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

ఫలితం లేకపోతే సంస్థ వెబ్‌సైట్‌లో ఉండే నోడల్ అధికారికి అదే మెయిల్ పంపండి. ఆ తర్వాత పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బుకింగ్ యాప్ మీద గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ప్రతి చోటా ఇచ్చే ఫిర్యాదు నంబరును, ముందు చోట ఇచ్చిన జవాబును తర్వాతి ఫిర్యాదులో జతచేస్తూ పోండి.